‘వేయ’ దగ్గర ఆగిన మెసేజ్

“మా నాన్నగారికి డెబ్బై రెండేళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది. నిన్న డాక్టరుగారు కొత్త మాత్ర రాశారు. ఏ పూట ఏ మాత్ర వేయాలో పట్టికలా రాసివ్వండి, ఫ్రిజ్ మీద అంటించుకుంటాం. కొత్తది పొద్దున టిఫినుకు ముందు. పాతది రాత్రి వేయ”

మెసేజ్ అంతవరకే ఉంది. రాస్తుండగా వేలు జారి పంపే గుర్తు మీద పడి ఉండొచ్చు. నోటితో చెబుతుంటే ఫోను మధ్యలో వినడం ఆపేసి ఉండొచ్చు. కారణం ఏదైనా, ‘వేయ’ తర్వాత రావలసింది రాలేదు. అక్కడ ‘వేయమన్నారు’ అని ఉండొచ్చు, ‘వేయొద్దన్నారు’ అని ఉండొచ్చు. ‘వేయాలా?’ అని అడగబోయి ఉండొచ్చు. ‘వేయడం ఆపేశాం’ అని కూడా ఉండొచ్చు. నాలుగూ ఒకే రెండక్షరాలతో మొదలవుతాయి. రాత్రి పూట ఆ పెద్దాయనకు ఏం ఇవ్వాలన్నది మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా మారిపోతుంది.

ఈ మాట మందుల షాపులో ఎవరైనా చెబుతూ మధ్యలో ఆగిపోతే, కౌంటరు దగ్గరి మనిషి ఏం చేస్తాడో మనకు తెలుసు. “వేయమన్నారా, వద్దన్నారా అండీ? చీటీ ఒకసారి ఇలా ఇవ్వండి” అంటాడు. దానికి చదువు అక్కర్లేదు, వినే అలవాటు చాలు. భాషా మోడల్‌కు ఈ మెసేజ్ ఇస్తే మాత్రం చాలాసార్లు చక్కటి పట్టిక వచ్చేస్తుంది. పొద్దున గడిలో కొత్త మాత్ర, రాత్రి గడిలో పాత మాత్ర. గీతలు సమానంగా, అక్షరాలు పొందిగ్గా ఉంటాయి. ఆ రాత్రి గడి ఊహించి నింపిందన్న ఆనవాలు ఎక్కడా కనిపించదు. డాక్టరు పాతది మానేయమని ఉంటే, ఆ పట్టిక చూసి రెండూ వేసుకున్న మనిషికి అర్ధరాత్రి షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.

తెగిన మాట వినగానే అడగాలని మోడల్‌కు ఎందుకు తోచదు? దాన్ని తయారుచేసే పద్ధతిలోనే దీనికి జవాబు ఉంది.

భాషా మోడల్‌కు మొదటి దశలో నేర్పేది ఒక్కటే పని. ముందున్న పాఠం చూసి తర్వాతి ముక్క ఏదో చెప్పాలి. ఆ ముక్కను టోకెన్ అంటారు. అది ఒక మాట కావచ్చు, మాటలో భాగం కావచ్చు. వరి నాట్ల మీద ఒక వ్యాసం ఉందనుకోండి. మొదటి మాట చూపించి రెండోది చెప్పమంటారు, రెండు చూపించి మూడోది అడుగుతారు, చివరిదాకా ఇలాగే. మోడల్ చెప్పింది అసలు వ్యాసంలో ఉన్న ముక్కకు ఎంత దూరంగా ఉందో లెక్కగట్టి, దాని లోపలి అంకెలను ఆ మేరకు సరిదిద్దుతారు. ఊహించడానికి ఆధారం భాషలోనే ఉందని క్లాడ్ షానన్ 1951లోనే చూపించాడు. ఇంగ్లిష్ వాక్యాలను మధ్యలో ఆపి, తర్వాతి అక్షరం ఏదని మనుషుల చేత ఊహింపజేశాడు. మనుషులు ఆశ్చర్యపడేంత బాగా ఊహించారు. నేటి మోడళ్లు అదే ఆటను లెక్కలేనన్ని సార్లు ఆడి వచ్చినవే.

ఆ ఆటను మోడల్ వైపు నుంచి చూద్దాం. వెయ్యి మాటల వ్యాసమంటే మనకు ఒక పూర్తి రచన. మోడల్‌కు అది వెయ్యికి తక్కువ కాకుండా తెగిన పాఠాలు. ప్రతి ముక్క దగ్గరా పాఠం ఆగుతుంది, ప్రతిసారీ సరైన జవాబు దాని కొనసాగింపే. ‘ఇక్కడ తెగింది, మిగతాది ఏమిటి?’ అని అడగడం సరైన జవాబైన సందర్భం ఆ ఆటలో దాదాపు లేదు. పైగా పాఠాలను మోడల్‌కు ఇచ్చేటప్పుడు నిడివి కొలిచి ముక్కలు చేస్తారు. 2020లో వచ్చిన జీపీటీ-3కి ఆ కొలత 2048 టోకెన్లు. అంత నిడివి నిండిందంటే వాక్యం సగంలో ఉన్నా ముక్క ముగిసినట్టే. అంటే తెగిపోవడం మోడల్‌కు అసాధారణ ఘటన కాదు. అది పుట్టి పెరిగిందే తెగిన పాఠాల మధ్య. మనకు ‘వేయ’ దగ్గర చటుక్కున తగిలే వెలితి దానికి రోజూ నడిచే దారి.

మోడల్ చదివే రాతల్లోనూ అడగడం అరుదే. పుస్తకం, వార్త, వ్యాసం అన్నీ పూర్తయ్యాకే అచ్చుకు వస్తాయి. మధ్యలో ఆగిన మాటకు “ఏంటీ, మళ్లీ చెప్పు” అనేది మనం నోటితో చేసే పని. గుమ్మం దగ్గర, బస్సు కిటికీ దగ్గర, సిగ్నల్ సరిగా లేని ఫోనులో రోజుకు పదిసార్లు చేస్తాం. అదేదీ కాగితం మీదికి ఎక్కదు. రాతలో లేని అలవాటు, రాత మాత్రమే చదివినదానికి అబ్బదు.

ఈ కొనసాగింపు స్వభావం ఎంత బలమైనదో చెప్పే ఒక ఉదాహరణను ఓపెన్ఏఐ సంస్థ 2022లో తానే బయటపెట్టింది. చంద్రుడి మీద మనిషి దిగిన సంగతి ఆరేళ్ల పిల్లకు కొద్ది వాక్యాల్లో వివరించమని జీపీటీ-3ని అడిగారు. అది వివరించలేదు. గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని ఆరేళ్ల పిల్లకు వివరించండి అంటూ, అలాంటివే మరికొన్ని ప్రశ్నలు రాసుకుంటూ పోయింది. దానికి అది ప్రశ్నలా కనిపించలేదు, ఒక ప్రశ్నల జాబితాలో మొదటి వరుసలా కనిపించింది. జాబితాకు రెండో వరుస రాసింది. తనకు నేర్పిన పని ప్రకారం తప్పేమీ చేయలేదు.

దీన్ని మార్చడానికి రెండో దశ వచ్చింది. సుమారు 40 మందిని పెట్టుకుని, ‘ఇలా అడిగితే ఇలా జవాబివ్వాలి’ అనే నమూనాలు రాయించారు. మొదటి విడత శిక్షణకు వాడినవి సుమారు 13 వేలు. ఒకే ప్రశ్నకు మోడల్ ఇచ్చిన పలు జవాబుల్లో ఏది మెరుగో కూడా ఆ మనుషుల చేతే చెప్పించి, ఆ తీర్పుల మీద మళ్లీ శిక్షణ ఇచ్చారు. ప్రశ్నను ప్రశ్నగా గుర్తించడం ఇక్కడ వచ్చింది. ఎవరు ఎక్కడిదాకా మాట్లాడారో చెప్పే ప్రత్యేక గుర్తులు కూడా పాఠంలో చేరాయి. మీ మెసేజ్ చివర ఒక గుర్తు పడుతుంది, తర్వాతిది మోడల్ వంతు.

అయినా తెగిన మెసేజ్ సంగతి అలాగే మిగిలింది. దీనికి కారణం తీర్పు చెప్పే తీరులో ఉందని నా అభిప్రాయం. షుగర్ మాత్రల మెసేజ్‌కు రెండు జవాబులు పక్కపక్కన పెట్టారనుకోండి. ఒకటి నిండు పట్టిక. రెండోది “పాతది వేయమన్నారా, వద్దన్నారా?” అన్న ఒక్క వాక్యం. ఏది మెరుగని అడిగితే, రోజంతా ఇలాంటివి చూసి అలసిన మనిషి కన్ను పట్టిక వైపే పోతుంది. అందులో పని జరిగినట్టు కనిపిస్తుంది. ప్రశ్న విలువ తర్వాతి మాటలో గానీ బయటపడదు. ఆ తర్వాతి మాట తీర్పు చెప్పే మనిషి ముందు లేదు. అర్థం ఒకటికి మించి ఉన్న ప్రశ్నల విషయంలో 2024లో మైఖేల్ జాంగ్, బ్రాడ్లీ నాక్స్, యున్సోల్ చోయ్ సరిగ్గా ఈ లోపాన్నే పట్టుకున్నారు. మోడల్ ఎదురు ప్రశ్న వేశాక, దానికి వచ్చే సమాధానాన్నీ, ఆ తర్వాతి జవాబునూ కూడా ముందుంచి, అప్పుడు తీర్పు చెప్పించే పద్ధతి ప్రతిపాదించారు. రెండడుగులు చూసి చెప్పే తీర్పులో ప్రశ్నకు దక్కవలసిన మార్కులు దక్కుతాయి.

అడగడం నేర్పే నమూనాలు ఎలా తయారవుతాయో ఇప్పుడు చూద్దాం. మొదటి మెట్టు సులువే. పూర్తిగా ఉన్న మెసేజ్ తీసుకుని, మనమే ఒకచోట తెంపుతాం. తోక మన దగ్గర దాచుకుంటాం. ఆ తెగిన మెసేజ్‌కు మంచి మనిషి ఏమంటాడో రాస్తాం. కష్టమైన ప్రశ్న తర్వాత వస్తుంది. తెగిన ప్రతి మెసేజ్‌కూ అడగాలా? అక్కర్లేదు. అడగాలో వద్దో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. తెగినచోట రెండు వేర్వేరు తోకలు అతికించి చూడాలి. రెంటికీ ఇవ్వవలసిన జవాబు ఒకటే అయితే అడగనక్కర్లేదు. జవాబు మారితే అడిగి తీరాలి.

మన మెసేజ్‌కు ‘వేయమన్నారు’ అతికిస్తే రాత్రి గడిలో మాత్ర ఉంటుంది, ‘వేయొద్దన్నారు’ అతికిస్తే ఉండదు. జవాబు మారింది కాబట్టి అడగాలి. ఇదే మెసేజ్ పూర్తిగా వచ్చి, చివర ‘ధన్యవాదా’ దగ్గర తెగితే? ‘ధన్యవాదాలు’ అయినా ‘ధన్యవాదాలండీ’ అయినా పట్టిక మారదు. అక్కడ ఆగి అడిగితే అది మర్యాద కాదు, విసుగు పుట్టించడం.

అడిగే నమూనా ఎలా ఉండాలో రాసి చూపిస్తాను.

“మీ మెసేజ్ ‘పాతది రాత్రి వేయ’ దగ్గర ఆగిపోయిందండీ. డాక్టరుగారు పాత మాత్ర రాత్రి వేయమన్నారా, మానేయమన్నారా? పొద్దున గడిలో కొత్త మాత్ర, టిఫినుకు ముందు అని రాసి ఉంచాను. మీరు చెప్పగానే రాత్రి గడి నింపుతాను. సరిగా గుర్తులేకపోతే చీటీ చూసిగానీ డాక్టరుగారిని అడిగిగానీ చెప్పండి.”

ఇందులో ఎక్కడ ఆగిందో ఆ మాటతో సహా చూపించడం ఉంది. చూడగానే అవతలివారు ‘అరె, పూర్తిగా పోలేదే’ అనుకుంటారు. ‘దయచేసి మరింత సమాచారం ఇవ్వండి’ అని రాస్తే ఏ సమాచారమో వాళ్లే వెతుక్కోవాలి. అడిగింది కూడా ఒక్కటే. పెద్దాయన బరువెంత, ఇంకేం మందులు వాడుతున్నారు అని పది ప్రశ్నలు గుమ్మరించలేదు. చేయగలిగిన సగం పని చేసి పెట్టడం కూడా ముఖ్యమే. పొద్దున గడికి కావలసిందంతా మెసేజ్‌లో ఉంది కాబట్టి దాన్ని ఆపాల్సిన పనిలేదు.

నమూనా ఇక్కడితో ముగిస్తే సగమే. తర్వాతి వంతు కూడా రాయాలి. “అయ్యో, వేయొద్దన్నారండీ” అని జవాబు వస్తుంది, దాని ప్రకారం పట్టిక పూర్తవుతుంది. ఈ రెండో అడుగు లేని నమూనాల మీద నేర్చిన మోడల్ అడగడమైతే అడుగుతుంది గానీ, చెప్పాక కూడా మరో ప్రశ్న వెతుక్కునే ప్రమాదం ఉంది. శిక్షణలో లెక్కగట్టేది మోడల్ వంతు మాటలనే అయి ఉండడం కూడా అవసరం. తెగిన మెసేజ్‌లోని మాటల మీద కూడా లెక్క కడితే, తెగిన మెసేజ్‌లు ఎలా రాయాలో కూడా దానికి మనమే నేర్పుతున్నట్టు.

ఎదురు నమూనాలు కూడా కావాలి. “ఈ కథ పూర్తి చేయండి: అనగనగా ఒక ఊళ్లో ఒక కుమ్మరి, అతనికి ఒక గాడిద. ఒకరోజు ఆ గాడిద” అని ఎవరైనా రాస్తే, అది కావాలని తెంపిన మాట. ‘గాడిద ఏం చేసింది?’ అని వారినే అడిగితే వాళ్లు నవ్వుకుంటారు. అక్కడ కొనసాగించడమే పని. ఇదే గాడిద వాక్యాన్ని “ఈ కథలో అచ్చుతప్పులు దిద్దండి” అన్న మాటతో ఇస్తే మాత్రం కొనసాగించకూడదు. ఉన్నంతవరకు దిద్ది, కథ ఇక్కడే ఆగిందని చెప్పాలి. రెంటిలోనూ తెగిన పాఠం అక్షరం మారలేదు, పైన చెప్పిన పని మారింది. ఇలాంటి జంటలు ఎంత ఎక్కువ ఉంటే, మోడల్ అంతగా తెగిన ఆకారాన్ని కాక అవసరాన్ని చూడడం నేర్చుకుంటుంది.

ఆకారాన్ని చూసి మోసపోవడం తేలిక. తెంపిన నమూనాలన్నీ చుక్క లేకుండా, పూర్తి నమూనాలన్నీ చుక్కతో ముగిశాయనుకోండి. మోడల్ నేర్చుకునేది ‘చుక్క లేకపోతే అడుగు’ అన్న అడ్డదారి. ఫోనులో చివర చుక్క పెట్టేవాళ్లు మనలో ఎంతమంది? “రేపు బ్యాంకు సెలవా” అని పూర్తి మాట రాసినవారిని “మీ మెసేజ్ ఆగిపోయింది” అంటుంది. దానికి విరుగుడుగా చుక్క లేని పూర్తి మెసేజ్‌లూ, చుక్కతోనే తెగిన మెసేజ్‌లూ కలపాలి. “కింది మూడు లెక్కలు చేసి పెట్టండి” అని, ఒకే లెక్క, దాని చివర చుక్క. వాక్యం తెగలేదు, మెసేజ్ తెగింది.

తెలుగులో ఇంకో ఉచ్చు కూడా ఉంది. కంప్యూటరు చేత నిడివి చూసి తెంపిస్తే, అది ఒత్తక్షరం మధ్యలో కోస్తుంది. ‘చేస్తున్నారు’ అన్న మాట ‘చేస్’ అని పొల్లుతో తెగుతుంది. ఎందుకంటే కంప్యూటరుకు ‘స్తు’ ఒక అక్షరం కాదు, స, పొల్లు, త, కొమ్ము అనే నాలుగు సంకేతాల వరుస. మనిషి చేతిలో తెగే మెసేజ్ సాధారణంగా మాట చివరో, అక్షరం చివరో తెగుతుంది. కత్తిరింపులన్నీ యంత్రం చేతికి వదిలేస్తే మోడల్ పొల్లును చూసి అడగడం నేర్చుకుంటుంది, ‘వేయ’ దగ్గర మాత్రం మళ్లీ ఊహిస్తుంది. అందుకే కోత నిజంగా ఎక్కడ పడుతుందో చూసి కోయాలి. నోటితో చెబుతూ ఊపిరి తీసుకున్నచోట, ఫోటోలో ఆఖరి వరుస ఫ్రేములోకి రానిచోట, కాపీ చేసేటప్పుడు వేలు కిందిదాకా జరగనిచోట కోయాలి.

నేర్పింది పట్టిందో లేదో తేల్చడానికి దాచుకున్న తోకలు పనికొస్తాయి. అడగవలసిన మెసేజ్‌లలో ఎన్నింటికి అడిగిందో ఒక లెక్క, అడగనక్కర్లేని వాటిలో ఎన్నింటికి అనవసరంగా అడిగిందో ఇంకో లెక్క. రెండూ కలిపి చూడకపోతే, అన్నింటికీ అడిగే మోడల్‌కు మొదటి లెక్కలో నూటికి నూరు వస్తాయి. అడగకుండా జవాబిచ్చిన వాటిలో, మెసేజ్‌లో లేని సంగతి ఏదైనా చేరిందా అని తోకతో పోల్చి చూడొచ్చు. తోక లేనప్పుడు ఒక ఉపాయం ఉంది. అదే మెసేజ్‌ను పదిసార్లు ఇచ్చి చూడాలి. ఆరుసార్లు రాత్రి గడిలో మాత్ర ఉండి, నాలుగుసార్లు లేకపోతే, మోడల్‌కు తెలియదనీ, అడగవలసిందనీ స్పష్టం. పదికి పదీ ఒకేలా ఉన్నంత మాత్రాన నిజమని కాదు. ఒకే తప్పును పదిసార్లు నమ్మకంగా ఊహించవచ్చు.

ఈ నమూనాలు తీర్చలేని చోటు కూడా ఉంది. నాలుగు పేజీల పత్రంలో మూడో పేజీ ఫోటో తీయడం మరిచిపోయి, రెండో పేజీ వాక్యంతో ముగిసి, నాలుగో పేజీ కొత్త పేరాతో మొదలైతే, తెగినట్టు తెలిసే గుర్తే పాఠంలో ఉండదు. పేజీల అంకెలు కనిపిస్తేనే దొరుకుతుంది. మనిషికీ అంతే.

చివరిగా, తెలుగు నమూనాలు రాసే పనిలో ఉన్నవారికి, ఆ పని చేయించేవారికి ఒక మాట. ఈ నమూనాలను ఇంగ్లిష్ నుంచి అనువదించి సరిపెట్టకండి. పాతది కూడా ఇవ్వాలా అని ఇంగ్లిష్‌లో అడిగేవారు ‘షుడ్ ఐ’ అని మొదలుపెడతారు. చివర తెగినా అది ప్రశ్న అని మొదటి మాటలోనే తేలిపోయింది. వద్దన్న సంగతి కూడా సాధారణంగా క్రియకు ముందే వచ్చేస్తుంది. మనకు అవునో, కాదో, ప్రశ్నో, ఆజ్ఞో, జరిగిందో, జరగబోతుందో అన్నీ క్రియ తోకలోనే ఉంటాయి, ఆ క్రియ వాక్యం చివర ఉంటుంది. తెగేది సరిగ్గా ఆ చివరే. ఇంగ్లిష్ మెసేజ్‌ను అనువదిస్తే, తెగినచోట ఒక వస్తువు పేరో ఒక అంకెో పోయిన నమూనా వస్తుంది గానీ, ‘వేయ’ లాంటి కోత రాదు. తెలుగువాళ్లు తెలుగులో రాసిన మెసేజ్‌లు తీసుకుని, క్రియ దగ్గర తెంపి, రెండు తోకలు అతికించి చూసి, ఆ తర్వాత జవాబు రాయండి.